రెండో డిస్క్ ఆ రోజు చెడిపోలేదు

పెళ్లి వీడియోలు తీసే స్టూడియోల్లో, ఆడిటర్ల ఆఫీసుల్లో ఇవాళ ఓ మూలన నాలుగు డిస్కులు పట్టే చిన్న పెట్టె కనిపిస్తుంది. దాన్ని నాస్ అంటారు. అమ్మినవాళ్లు అందులో రెయిడ్ 5 అమర్చి, ఒక డిస్క్ పోయినా డేటాకు ఢోకా లేదని చెప్పి వెళ్తారు. ఆ మాట అబద్ధం కాదు. అయితే డిస్క్ నిజంగానే పోయి, దాని చోట కొత్తది పెట్టాక, డేటా తిరిగి రాసుకునే పని మధ్యలో ఆగిపోతుంది ఒక్కోసారి. అప్పటిదాకా బాగానే ఉన్న మరో డిస్క్‌ మీద కూడా ఎర్రదీపం వెలుగుతుంది. మొత్తం పెట్టె తెరుచుకోదు.

ఒకే వారంలో రెండు డిస్కులు పోయాయని యజమాని తలపట్టుకుంటాడు. చాలాసార్లు జరిగింది అది కాదు. రెండో డిస్క్‌లో ఏదో ఒక చిన్న చోటు నెలల కిందటే చెడిపోయి ఉంటుంది. దాన్ని చదవాల్సిన అవసరం ఈ రోజు వచ్చింది, అంతే.

ఇది అర్థం కావాలంటే రెయిడ్ 5 డేటాను ఎలా దాస్తుందో చూడాలి. 1988లో బెర్క్‌లీలోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయానికి చెందిన డేవిడ్ ప్యాటర్సన్, గార్త్ గిబ్సన్, రాండీ కాట్జ్ రాసిన పరిశోధన పత్రంలో ఈ రెయిడ్ పద్ధతులకు పేర్లు, అంకెలు పెట్టారు. నాలుగు డిస్కులుంటే మూడింట్లో డేటా ముక్కలు, నాలుగో దాంట్లో ఆ మూడింటి నుంచి లెక్కగట్టిన పారిటీ ముక్క ఉంటాయి. తర్వాతి వరుసలో పారిటీ వేరే డిస్క్‌కు మారుతుంది. మూడు ముక్కలు 7, 4, 9 అనుకుంటే పారిటీని 20 అనుకోవచ్చు. 4 ఉన్న డిస్క్ పోతే, 20 లోంచి 7, 9 తీసేస్తే 4 మళ్లీ దొరుకుతుంది. అసలు యంత్రం కూడికకు బదులు ఎక్సార్ అనే బిట్ల లెక్క వాడుతుంది, సూత్రం మాత్రం ఇదే. ఇందులో ఒక షరతు ఉంది. పోయిన ముక్కను తేవాలంటే మిగిలిన మూడూ చదవగలిగి తీరాలి. 4తో పాటు 9 కూడా అందకపోతే ఆ రెండింటి మొత్తం 13 అని తెలుస్తుంది గానీ ఏది ఎంతో తెలియదు.

రెయిడ్ 5 తట్టుకునేది ఒక డిస్క్ నష్టాన్ని అని చెప్పుకుంటాం. ఇంకా సరిగ్గా చెప్పాలంటే, ఒక్కో వరుసలో ఒక్క ముక్క నష్టాన్ని. డిస్క్ మొత్తంగా పోతే ప్రతి వరుసలోనూ ఆ ఒక్క అవకాశం ఖర్చయిపోయినట్టే. ఆ తర్వాత మిగిలిన డిస్కుల్లో ఏ మూల ఒక్క సెక్టార్ చదవడానికి రాకపోయినా దాన్ని పూరించే దిక్కు లేదు.

సెక్టార్ అంటే డిస్క్ ఒక్క విడతలో చదివే కనీస భాగం. ఇప్పటి పెద్ద డిస్కుల్లో 4,096 బైట్లు. ప్రతి సెక్టార్ వెంట తప్పులు దిద్దుకోవడానికి కొంత అదనపు సమాచారం ఉంటుంది. అయస్కాంత పొరలో లోపం, రాసే క్షణంలో వచ్చిన కుదుపు, పక్క ట్రాక్‌లో పదేపదే రాయడం, ఇలా ఏ కారణం వల్లనైనా గుర్తులు బలహీనపడితే ఆ దిద్దుబాటు కూడా చాలదు. అప్పుడు డిస్క్ తప్పుడు డేటా ఇవ్వదు, చదవలేకపోయానని చెబుతుంది. కానీ ఆ మాట చెప్పాలంటే ముందు ఎవరో ఒకరు ఆ చోటును అడగాలి. 2019లో తీసిన పెళ్లి వీడియోను ఆ తర్వాత ఎవరూ తెరవకపోతే, దాని కింద సెక్టార్ చెడిపోయిందన్న సంగతి డిస్క్‌కే తెలియదు. పచ్చదీపం వెలుగుతూనే ఉంటుంది.

2007లో అచ్చయిన ఒక అధ్యయనం నెటాప్ వ్యవస్థల్లోని 15.3 లక్షల డిస్కులను 32 నెలల పాటు పరిశీలించింది. వాటిలో 3.45 శాతం డిస్కుల్లో ఇలా దాగి ఉన్న చెడ్డ సెక్టార్లు కనీసం ఒకటైనా బయటపడ్డాయి. అవి విడివిడిగా కాకుండా గుంపులుగా కనిపించాయి. ఒకటి వచ్చిన డిస్క్‌లో మరికొన్ని రావడం, అవీ దగ్గర దగ్గరి చోట్లలో ఉండడం ఎక్కువ.

ఇప్పుడు ఒక స్టూడియోలో 4 టెరాబైట్ల డిస్కులు నాలుగు ఉన్నాయనుకుందాం. ఒకటి పోయింది, కొత్తది పెట్టారు. రీబిల్డ్ మొదలైంది. పెట్టెలో డేటా కొంచెమే ఉన్నా, సాధారణ రెయిడ్ 5కు ఫైళ్ల సంగతి తెలియదు గనక, మిగిలిన మూడు డిస్కులనూ మొదటి సెక్టార్ నుంచి చివరిదాకా చదువుతుంది. అంటే 12 టెరాబైట్లు, దాదాపు 293 కోట్ల సెక్టార్లు. సెకనుకు 150 మెగాబైట్ల చొప్పున ఆగకుండా సాగినా ఏడున్నర గంటలు. పక్కన ఎడిటింగ్ నడుస్తుంటే ఒకటి రెండు రోజులూ పట్టొచ్చు. ఏళ్ల తరబడి ఎవరూ తాకని చోట్లన్నీ ఈ గంటల్లోనే మొదటిసారి చదవబడతాయి. అన్నీ సరిగ్గా రావాలి.

డిస్క్ తయారీదారుల వివరపత్రంలో దీనికో అంకె ఉంటుంది. మామూలు డిస్కులకు 10^14 బిట్లు చదివితే చదవలేని సెక్టార్ ఒకటికి మించదు అని రాస్తారు. అది 12.5 టెరాబైట్లు. మన స్టూడియో చదవాల్సింది 12. ఆ అంకెను యథాతథంగా తీసుకుని లెక్క వేస్తే, రీబిల్డ్‌లో కనీసం ఒక్క చోట అడ్డు తగిలే అవకాశం 100కి 62. అదే 120 గిగాబైట్ల డిస్కులు నాలుగున్న పాత పెట్టెలో చదవాల్సింది 360 గిగాబైట్లే, అక్కడ అవకాశం 100కి 3 లోపే. ఈ మధ్యకాలంలో డిస్క్ పరిమాణం ఎన్నో రెట్లు పెరిగింది. మామూలు డిస్క్ మీద రాసే ఆ అంకె మాత్రం చాలావరకు అక్కడే ఉండిపోయింది. పెద్ద సెట్లకు ముప్పు ఎక్కువ అనడానికి మూలం ఇదే.

అయితే ఈ 62ను జోస్యంలా పట్టుకోవడం తప్పు అని నా అభిప్రాయం. తయారీదారు రాసింది గరిష్ఠ హద్దు. అసలు డిస్కులు చాలావరకు అంతకంటే బాగా పనిచేస్తాయి. పైగా ఈ లెక్క చెడ్డ సెక్టార్లు అన్ని డిస్కుల్లోనూ సమంగా చల్లినట్టు ఉంటాయని అనుకుంటుంది. గుంపులుగా వస్తాయని పైన చెప్పుకున్నాం. అంటే చాలా పెట్టెల్లో రీబిల్డ్ ఏ ఇబ్బందీ లేకుండా ముగుస్తుంది. కొన్నింట్లో మాత్రం డజన్ల కొద్దీ సెక్టార్లు ఒక్కసారే అడ్డం తిరుగుతాయి. మనది ఏ రకమో ముందే తెలుసుకునే దారి ఒక్కటే, అప్పుడప్పుడూ డిస్కులన్నీ ఆసాంతం చదివించడం.

దీన్ని స్క్రబ్ అంటారు. నాలుగు డిస్కులూ బాగున్న రోజుల్లో ఈ పని చేస్తే, చదవలేని సెక్టార్ ఎదురైనప్పుడు మిగిలిన మూడు ముక్కల నుంచి దాన్ని లెక్కగట్టి అదే చోట మళ్లీ రాస్తుంది. ఆ చోటు నిజంగా పాడైతే డిస్క్ దాన్ని పక్కనపెట్టి తన దగ్గరున్న అదనపు సెక్టార్‌ను వాడుకుంటుంది. రీబిల్డ్ రోజున ముంచేసే లోపం ఇక్కడ ఎవరికీ తెలియకుండానే నయమైపోతుంది. లినక్స్‌లో ఆదేశం ఇది:

```
echo check > /sys/block/md0/md/sync_action
```

డెబియన్‌లో ఇది నెలకోసారి, మొదటి ఆదివారం దానంతటదే నడిచేలా ఏర్పాటు ఉంది. కొనుక్కొచ్చిన నాస్ పెట్టెల్లో మాత్రం సెట్టింగుల్లోకి వెళ్లి మనమే షెడ్యూల్ పెట్టుకోవాల్సి రావచ్చు. దాంతో పాటు `smartctl -A` చూపే పట్టికలో `Current_Pending_Sector` వరుస చూడాలి. అక్కడ సున్నా కాక వేరే అంకె ఉంటే, చదవలేకపోయిన చోట్లు అన్ని ఉన్నాయని డిస్కే ఒప్పుకున్నట్టు. సున్నా ఉంటే మాత్రం నిశ్చింతగా ఉండడానికి లేదు, చదవని చోట్ల సంగతి అందులోకి రాదు గనక.

ఒక్క సెక్టార్ కోసం మొత్తం డిస్క్‌నే ఎందుకు బయటకు నెడుతుంది అన్న ప్రశ్న న్యాయమైనదే. కొన్ని కంట్రోలర్లు ఆ వరుసను మాత్రమే పోయినట్టు గుర్తుపెట్టుకుని ముందుకు సాగుతాయి. జెడ్ఎఫ్ఎస్ అయితే దెబ్బతిన్న ఫైలు పేరు చెప్పి మిగతా పని పూర్తిచేస్తుంది. చాలా పెట్టెలు అంత ఓపిక చూపవు. దీనికి తోడు సమయం గొడవ ఒకటి ఉంది. డెస్క్‌టాప్ డిస్క్ చెడ్డ సెక్టార్‌ను చదవాలని నిమిషానికి పైగా కూడా ప్రయత్నిస్తుంది. లినక్స్ మామూలుగా 30 సెకన్లే ఎదురుచూస్తుంది. జవాబు రాకపోయేసరికి డిస్క్ చచ్చిపోయిందని తేల్చేస్తుంది. నాస్ కోసం చేసిన డిస్కులు ఏడు సెకన్ల దగ్గర ప్రయత్నం మానుకుని తప్పు ఒప్పుకుంటాయి. ఆ డిస్కులకు ఎక్కువ ధర పెట్టడానికి ఇదొక గట్టి కారణం.

రీబిల్డ్ ఆగిపోయిన పెట్టె ముందు కూర్చున్నవారికి అన్నిటికన్నా ముఖ్యమైన సంగతి: డేటా చాలావరకు ఇంకా అక్కడే ఉంది. దాన్ని నిజంగా పోగొట్టేది ఆ తర్వాత కంగారులో చేసే పనులు. కొత్తగా సెట్ సృష్టించమని అడిగితే ఔననడం, డిస్కుల వరుస మార్చి పెట్టడం, మళ్లీ మళ్లీ రీబిల్డ్ నొక్కడం. పెట్టె ఆపేసి, ఏ డిస్క్ ఏ అరలో ఉందో రాసుకుని, మొరాయించిన రెండో డిస్క్‌ను వేరే కంప్యూటర్‌కు తగిలించి, అంతే పరిమాణం లేదా అంతకంటే పెద్దదైన కొత్త డిస్క్ మీదికి నకలు తీయాలి:

```
ddrescue -f -d -r3 /dev/sdc /dev/sdf sdc.map
```

ఇక్కడ `sdc` పాతది, `sdf` ఖాళీది. ఈ రెండు పేర్లు తారుమారైతే ఉన్నది తుడిచిపెట్టుకుపోతుంది, కాబట్టి సీరియల్ నంబర్లు సరిచూసుకున్నాకే ఎంటర్ నొక్కాలి. చదవగలిగినదంతా ముందు తీసుకుని, రానివాటిని చివర్లో మళ్లీ ప్రయత్నించి, ఏ చోట్లు రాలేదో `sdc.map`లో రాస్తుంది. సాధారణంగా కొన్ని కిలోబైట్లు మిగులుతాయి. మిగిలిన డిస్కులకూ నకళ్లు తీసి, ఆ నకళ్లతో `mdadm --assemble --force` వాడి సెట్ లేపితే, 12 టెరాబైట్లలో ఓ వీడియోలో క్షణం పాటు తెర చెదిరేంత నష్టంతో బయటపడొచ్చు. ఆ కిలోబైట్లు ఫైల్ సిస్టమ్ తన లెక్కలు రాసుకునే చోట పడితే నష్టం పెరుగుతుంది. అలాంటప్పుడు రికవరీ నిపుణుల దగ్గరికి వెళ్లడం మేలు. అసలు డిస్కులు చెక్కుచెదరకుండా ఉంటాయి కాబట్టి ఆ దారి మూసుకుపోదు.

కొత్తగా పెట్టె కొనేవారికి 4 టెరాబైట్లు, ఆపైన డిస్కులైతే నేను రెయిడ్ 6 పెట్టుకోమంటాను. అందులో ప్రతి వరుసకూ రెండు వేర్వేరు పారిటీలు ఉంటాయి. ఒక డిస్క్ పోయాక కూడా ఒక్కో వరుసలో ఇంకో ముక్కను పూరించే శక్తి మిగిలే ఉంటుంది. రీబిల్డ్ మధ్యలో చెడ్డ సెక్టార్ ఎదురైతే దాన్ని దిద్దుకుని సాగిపోతుంది. పని ఆగాలంటే మిగిలిన డిస్కుల్లో రెండింట ఒకే వరుసలో సెక్టార్లు చెడిపోవాలి. నాలుగు డిస్కుల పెట్టెలో దీని ఖరీదు 4 టెరాబైట్లు, 12 బదులు 8 మిగులుతాయి. రాసేటప్పుడు వేగం కూడా కొంత తగ్గుతుంది. పొరపాటున తుడిచేసిన ఫైలును, వైరస్ తాళం వేసిన ఫోల్డర్‌ను మాత్రం రెయిడ్ 6 కూడా తిరిగి ఇవ్వలేదు. దానికి పెట్టెకు బయట, వేరే చోట ఉన్న మరో ప్రతి కావాలి.