ఆఫర్ లెటర్ మీద సంతకానికి ముందే నోటీసు గడువు మాట

ఉద్యోగం మానేయాలనుకున్నప్పుడు ఎన్ని రోజుల ముందు చెప్పాలన్నది రాజీనామా చేసే రోజున తేలే విషయం కాదు. చేరేటప్పుడు సంతకం పెట్టిన కాగితంలోనే అది తేలిపోయి ఉంటుంది. హైదరాబాద్, బెంగళూరు ఐటీ సంస్థల్లో చాలాచోట్ల ఆ గడువు 90 రోజులు. చిన్న సంస్థల్లో 30 లేదా 60 ఉంటుంది. జీతం దగ్గర వెయ్యి రూపాయలకు కూడా గట్టిగా బేరమాడేవాళ్లు ఈ అంకె దగ్గర మాత్రం నోరు మెదపరు. రెండేళ్ల తర్వాత మరో ఉద్యోగం చేతికందినప్పుడు గానీ దాని బరువు తెలియదు.

ఈ 90 రోజులు చట్టం పెట్టినవి కావు. రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ ఉన్న 1988 నాటి దుకాణాలు, సంస్థల చట్టం యజమానికి ఒక షరతు పెట్టింది. ఆరు నెలలకు తక్కువ కాకుండా పనిచేసిన ఉద్యోగిని తీసేయాలంటే కనీసం నెల రోజుల నోటీసు గానీ, దానికి బదులు వేతనం గానీ ఇవ్వాలి. ఉద్యోగి మూడు నెలలు ఆగి వెళ్లాలన్నది మాత్రం కంపెనీ రాసుకున్న ఒప్పందమే. ఒప్పందం కాబట్టి అడిగి మార్చుకోవచ్చు. ఇష్టం లేని మనిషి చేత బలవంతంగా కొలువు చేయించమని కోర్టులు సాధారణంగా ఆదేశించవు. అయినా గడువు పూర్తి చేయకుండా వెళ్లినవారి రిలీవింగ్ లెటర్ ఆగిపోతుంది, చివరి లెక్కల్లో డబ్బు కోత పడుతుంది. తర్వాతి కంపెనీ పాత ఉద్యోగం వివరాలు సరిచూసేటప్పుడు అడిగేది ఆ లెటర్‌నే.

తేడా ఎంతో లెక్క వేస్తే తెలుస్తుంది. ఒక టెస్టింగ్ ఇంజనీరు నెల జీతం లక్షా ఇరవై వేలు, అందులో మూల వేతనం అరవై వేలు అనుకుందాం. కొత్త కంపెనీ 30 రోజుల్లో చేరమంటోంది. పాత ఒప్పందంలో 90 రోజులుంటే 60 రోజులు తక్కువ పడతాయి. కోత మూల వేతనం మీదైతే 1,20,000 రూపాయలు, మొత్తం జీతం మీదైతే 2,40,000. గడువు 60 రోజులే అయి ఉంటే ఈ రెండు అంకెలూ సగమవుతాయి. ఈ కోత మీద 18 శాతం జీఎస్టీ కూడా వేసిన కంపెనీలు ఒకప్పుడు ఉండేవి. అలా వేయనక్కర్లేదని 2022 ఆగస్టులో కేంద్ర పరోక్ష పన్నుల బోర్డు సర్క్యులర్ ఇచ్చింది.

అడగడానికి అనువైన సమయం చాలా చిన్నది. జీతం ఖరారై ఆఫర్ లెటర్ చేతికొచ్చాక, దాన్ని అంగీకరించక ముందు ఉండే ఆ నాలుగైదు రోజులే అది. ఇంటర్వ్యూ మధ్యలో ఎత్తితే ‘ఇంకా చేరకుండానే వెళ్లిపోయే మాటా’ అనిపిస్తుంది. పాత ఉద్యోగానికి రాజీనామా ఇచ్చేశాక అడిగితే వెనక్కి వెళ్లే దారి లేదని హెచ్ఆర్‌కు తెలిసిపోతుంది. ఇంకో చిక్కు కూడా ఉంది. కొన్ని ఆఫర్ లెటర్లలో నోటీసు గడువు ‘కంపెనీ నిబంధనల ప్రకారం’ అని మాత్రమే ఉంటుంది. అసలు అంకె చేరిన రోజున ఇచ్చే అపాయింట్‌మెంట్ లెటర్‌లో బయటపడుతుంది. అలాంటప్పుడు అపాయింట్‌మెంట్ లెటర్ నమూనా ముందే పంపమని కోరాలి.

ఆ క్లాజును నెమ్మదిగా చదవాలి. ప్రొబేషన్‌లో ఎన్ని రోజులు, పర్మనెంట్ అయ్యాక ఎన్ని రోజులు, కంపెనీ తీసేస్తే ఇచ్చే నోటీసు ఎన్ని రోజులు అన్నవి విడివిడిగా రాసి ఉండొచ్చు. ఉద్యోగి 90 రోజులు ఇవ్వాలి, కంపెనీ మాత్రం 30 ఇస్తే చాలు అన్న ఒప్పందాలు అరుదేమీ కావు. అడిగేవారికి బలమైన ఆధారం ఈ అసమానతే. ‘నేను త్వరగా వెళ్లిపోవాలి’ అన్న అర్థం రాకుండా, రెండు వైపులా ఒకే లెక్క ఉండాలని కోరడానికి అది వీలిస్తుంది.

ఇక మెయిల్ విషయం. అది తెలుగులో రాసినా ఇంగ్లీషులో రాసినా వరుస మాత్రం ఇలా ఉంటే మంచిది:

“నమస్తే మేడమ్, ఆఫర్ లెటర్ అందింది, ధన్యవాదాలు. జీతం, హోదా, చేరే తేదీ నాకు సమ్మతమే. సంతకానికి ముందు ఒక్క అంశం మీ దృష్టికి తెస్తున్నాను. తొమ్మిదో క్లాజులో ఉద్యోగి ఇవ్వాల్సిన నోటీసు 90 రోజులు, సంస్థ ఇచ్చేది 30 రోజులు అని ఉంది. దీన్ని రెండు వైపులా 60 రోజులుగా మార్చడానికి వీలవుతుందా? నా పనిని మరొకరికి పూర్తిగా అప్పగించడానికి ఆ వ్యవధి సరిపోతుంది. సవరించిన లెటర్ శుక్రవారంలోగా అందితే ఆ రోజే సంతకం చేసి పంపుతాను.”

మొదటి రెండు వాక్యాలతో మిగతా బేరమంతా ముగిసిందని హెచ్ఆర్‌కు తెలుస్తుంది. ఇది ఒప్పుకుంటే తర్వాత ఇంకోటి అడుగుతారేమోనన్న అనుమానం పోతుంది. క్లాజు నంబరు, అంకె స్పష్టంగా ఉంటే ఆ మెయిల్‌ను పైఅధికారికి యథాతథంగా పంపొచ్చు. ‘కాస్త తగ్గించగలరా’ అని రాస్తే పైనుంచి ‘ఎంతకు?’ అన్న ప్రశ్నతో తిరిగొస్తుంది. చివరి వాక్యం కూడా ముఖ్యమే, ఖాళీగా ఉన్న కుర్చీ త్వరగా నింపాలన్న తొందర హెచ్ఆర్‌కూ ఉంటుంది. ఫలానా కంపెనీలో 30 రోజులేనన్న పోలికలు, మార్చకపోతే చేరనన్న బెదిరింపు ఈ మెయిల్‌లో వద్దు. నిజంగా చేరకూడదని తేల్చుకున్నవారికి తప్ప ఆ మాట ఎవరికీ పనికిరాదు.

తరచుగా వచ్చే జవాబు ‘ఇది కంపెనీ పాలసీ, అందరికీ ఒకటే’ అని. వేలమంది ఉన్న సంస్థల్లో, ముఖ్యంగా కొత్తగా చదువు ముగించి చేరేవారి విషయంలో, అది చాలావరకు నిజం. అనుభవం ఉన్నవారికి, చిన్న సంస్థల్లో చేరేవారికి కాస్త వెసులుబాటు ఉంటుంది. రెండో మెట్టు కోరిక అప్పుడు బయటికి తీయాలి: “గడువు మార్చడం కుదరదంటే అర్థం చేసుకోగలను. మిగిలిన రోజులకు మూల వేతనం చెల్లించి ముందుగా వెళ్లే వీలు ఉద్యోగికి ఉంటుందని ఆ క్లాజులో చేర్చగలరా?” మొదటి మెయిల్‌లోనే ఈ మాట పెడితే కంపెనీ తనకు తేలికైన దీన్నే పట్టుకుంటుంది, 60 రోజుల సంగతి పక్కకు పోతుంది. ఇక్కడ ‘మూల వేతనం’ అన్న మాట తప్పకుండా ఉండాలి. అలాగే ‘కంపెనీ విచక్షణ మేరకు’ అన్న ముక్క క్లాజులో ఉంటే డబ్బు కట్టడానికి సిద్ధపడినా కంపెనీ కాదనవచ్చు.

హెచ్ఆర్ ఒప్పుకోకపోతే ఎంపిక చేసిన మేనేజరుతో ఒకసారి ఫోన్‌లో మాట్లాడటం తప్పు కాదు. హెచ్ఆర్‌కు తెలియకుండా కాకుండా, ‘మేనేజర్ గారితోనూ ఒక మాట అంటాను’ అని చెప్పి మాట్లాడాలి. మనిషి అవసరం మేనేజరుది కాబట్టి మినహాయింపు కోసం సిఫార్సు చేయగలిగేది కూడా ఆయనే.

ఒప్పుకున్నారన్న ఫోన్ మాట చాలదు, మెయిల్ కూడా పూర్తిగా చాలదు. ఈ లెటర్‌కు ముందు జరిగిన మాటలేవీ చెల్లవన్న వాక్యం చాలా ఒప్పందాల చివర ఉంటుంది. మార్పు లెటర్‌లోనే రావాలి. వచ్చాక చూడాల్సింది మరొకటుంది. ‘నిబంధనలను కంపెనీ ఎప్పటికప్పుడు మార్చవచ్చు’ అని ఉంటే, ఈ లెటర్‌లోని నోటీసు గడువుకు ఉద్యోగి రాతపూర్వక అంగీకారం లేకుండా ఆ మార్పులు వర్తించవని ఒక వాక్యం చేర్చమని కోరాలి. ప్రమోషన్ వచ్చినప్పుడు ఇచ్చే కొత్త లెటర్‌లో గడువు మళ్లీ 90కి పెరిగి ఉండొచ్చు, కాబట్టి దాని మీద సంతకం చేసేటప్పుడూ ఆ క్లాజును చదవాలి.