తిరుగు నీటి లెక్క

దుబాయ్‌లో ఎత్తయిన భవనాల అడుగున, కార్లు నిలిపే అంతస్తు పక్కన తరచూ ఒక తాళం వేసిన గది ఉంటుంది. లోపల నల్లటి ఇన్సులేషన్ చుట్టిన లావుపాటి పైపులు, వాటి మధ్య పుస్తకాల బీరువా అంత ఇనుప చట్రం కనిపిస్తాయి. ఆ చట్రంలో పలుచటి స్టీలు రేకులు వందల సంఖ్యలో ఒకదానికొకటి ఆనించి బోల్టులతో బిగించి ఉంటాయి. భవనంలో ఎక్కడా చల్లదనాన్ని తయారుచేసే చిల్లర్ కనిపించదు. కిలోమీటర్ల దూరంలోని ప్లాంటులో చల్లబరిచిన నీళ్లు భూగర్భ పైపుల్లో ఈ గదికి వచ్చి, భవనం వేడిని తీసుకుని వెనక్కి వెళతాయి. దీన్నే డిస్ట్రిక్ట్ కూలింగ్ అంటారు. ఆ గదిని అక్కడివాళ్లు క్లుప్తంగా ఈటీఎస్ అంటారు.

గుజరాత్‌లోని గిఫ్ట్ సిటీ ఇలాగే నడుస్తోంది. 2019లో అమరావతి ప్రభుత్వ సముదాయం కోసం కూడా 20,000 టన్నుల సామర్థ్యంతో ఇలాంటి ఏర్పాటుకు ఒప్పందం కుదిరింది.

ప్లాంటు నీళ్లు, భవనం నీళ్లు ఎక్కడా కలవవు. ముప్పై అంతస్తుల పైపులో నిలిచే నీటి బరువు వల్ల అడుగున పది బార్ల ఒత్తిడి పుడుతుంది. ఆ ఒత్తిడి ఊరి పైపుల మీద పడకూడదు, భవనంలోని తుప్పు ప్లాంటుకు చేరకూడదు. అందుకే మధ్యలో ఆ రేకుల పెట్టె, అంటే ప్లేట్ హీట్ ఎక్స్‌ఛేంజర్ ఉంటుంది. రేకుకు ఒకవైపు ప్లాంటు నీళ్లు, రెండోవైపు భవనం నీళ్లు ఎదురెదురుగా పారతాయి. 1923లో రిచర్డ్ సెలిగ్‌మన్ దీన్ని పాలను పాశ్చరైజ్ చేయడానికి తెచ్చాడు. డెయిరీల్లో ఇప్పటికీ వాడుతున్నది ఇదే.

రేకు ఎంత పలుచనైనా ప్లాంటు నీటి చల్లదనం మొత్తం భవనం నీటికి రాదు. ప్లాంటు నీళ్లు 5 డిగ్రీల దగ్గర లోపలికి వస్తే భవనానికి 6 డిగ్రీలో, ఆరున్నరో అందుతుంది. ఈ తేడాకే అప్రోచ్ అని పేరు. డిజైనరు మొదట తేల్చుకోవలసింది ఈ ఒక్క అంకె.

వెయ్యి టన్నుల భవనం ఒకటి తీసుకుందాం. ఒక టన్ను అంటే 3.517 కిలోవాట్లు కనుక మొత్తం 3,517 కిలోవాట్ల వేడి రేకులు దాటాలి. ప్లాంటు నీళ్లు 5 డిగ్రీల దగ్గర వచ్చి 14 దగ్గర వెళ్లాలని ఒప్పందం. రెండు వైపులా ప్రవాహం సమానమైతే రేకుల పొడవునా తేడా ఒకేలా ఉంటుంది. ఒక డిగ్రీ తేడా ఉన్నప్పుడు ప్రతి చదరపు మీటరు రేకు సుమారు 5 కిలోవాట్లు దాటిస్తుందనుకుందాం. అప్రోచ్ 2 డిగ్రీలైతే దాదాపు 350 చదరపు మీటర్ల రేకు చాలు. ఒకటిన్నర అయితే 470, ఒక డిగ్రీకి దిగితే 700 కావాలి. చివరి డిగ్రీ ఒక్కటే రేకును రెట్టింపు చేస్తుంది. అందువల్ల డబ్బు కట్టే బిల్డరు చూపు 2 వైపు వెళ్లడంలో ఆశ్చర్యం లేదు.

అయితే ఇక్కడ తగ్గించిన ఖర్చు మరోచోట బయటపడుతుంది. భవనానికి 6కు బదులు 7 డిగ్రీల నీళ్లు అందాయనుకోండి. ఏసీ కాయిల్ గాలిని చల్లబరచడమే కాదు, అందులోని తేమనూ తీయాలి. సముద్ర తీరపు ఊళ్లలో ఇదే పెద్ద పని. నీళ్లలో చల్లదనం తగ్గితే కాయిల్ వాల్వు ఇంకా తెరుచుకుని, లోటును ఎక్కువ నీళ్లతో పూడ్చుకుంటుంది. వేగంగా పారే నీళ్లకు వేడెక్కే వ్యవధి ఉండదు. దాంతో అవి పూర్తిగా పనిచేయకుండానే, చల్లగానే తిరిగి వస్తాయి.

ప్లాంటుకు అసలు బాధ ఇదే. వెయ్యి టన్నుల భవనం 9 డిగ్రీల తేడాతో నడిస్తే గంటకు 336 ఘనపు మీటర్ల నీళ్లు చాలు. తిరుగు నీళ్లు 11 డిగ్రీలకే వచ్చేస్తే తేడా 6కు పడిపోతుంది. అప్పుడు అదే చల్లదనానికి 504 ఘనపు మీటర్లు పంపాలి. అదే పైపులో ప్రవాహం ఒకటిన్నర రెట్లయితే పంపు శక్తి మూడు రెట్లు దాటుతుంది. రాత్రి చల్లదనాన్ని దాచుకునే ట్యాంకు ఉంటే దాని సామర్థ్యంలో మూడో వంతు పోతుంది. లోడు లేకపోయినా, నీళ్లు సరిపోవడం లేదని అదనపు చిల్లర్లు వేయాల్సి వస్తుంది.

అందుకే ఒప్పందాల్లో తిరుగు నీటికి ఒక కనీస ఉష్ణోగ్రత రాసి, అది తగ్గితే జరిమానా పెడతారు. మామూలు మీటరు వేడిని మాత్రమే లెక్కిస్తుంది. ఎన్ని నీళ్లు తిప్పి ఆ చల్లదనం వాడుకున్నారో ఆ బిల్లులో కనిపించదు. నెలకు 3 లక్షల టన్ను-గంటలు వాడే భవనానికి 9 డిగ్రీల తేడాతో సుమారు లక్ష ఘనపు మీటర్లు సరిపోతాయి. 6 డిగ్రీలైతే లక్షన్నర కావాలి. ఆ అదనపు యాభై వేలకు వెల కట్టడమే జరిమానా. సగటును గంటల మీద తీశారా, ప్రవాహం మీద తీశారా అన్నది సంతకానికి ముందే చూసుకోవాలి. నీళ్లు దాదాపు కదలని అర్ధరాత్రి గంటలను నిండు మధ్యాహ్నపు గంటలతో సమానం చేస్తే ఎవరికో ఒకరికి అన్యాయం జరుగుతుంది.

అలాగని రేకులు పెంచితే చాలదు. భవనం నీళ్లు 12 డిగ్రీల దగ్గర తిరిగి వస్తుంటే, ఎంత పెద్ద ఎక్స్‌ఛేంజరైనా ప్లాంటు నీటిని 12 దాటించలేదు. వాడని త్రీవే వాల్వులు, తెరిచి వదిలేసిన బైపాస్‌లు, మురికి పట్టిన కాయిళ్లు ఉన్న భవనంలో రేకుల మీద పెట్టిన డబ్బు చాలావరకు వృథా అవుతుంది.

ఇంకో తప్పు మరీ సులువుగా జరుగుతుంది. ఒకటిన్నర డిగ్రీల అప్రోచ్‌తో కట్టిన మన భవనంలో సెట్‌పాయింట్ ఆరున్నర ఉండాలి. పై అంతస్తులో ఎవరో ఉక్కగా ఉందన్నారని ఆపరేటరు దాన్ని 6కు దించాడనుకుందాం. ఆ రోజు ప్లాంటు నీళ్లు దారిలో వేడెక్కి 5.7 దగ్గర వచ్చాయి. మిగిలిన తేడా 0.3 డిగ్రీ. దాన్ని అందుకోవాలని ప్లాంటు వైపు వాల్వు పూర్తిగా తెరుచుకుంటుంది. అప్పుడు గదిలోని నాలుగు థర్మామీటర్లు చదివితే చాలు. ప్లాంటు నీళ్లు లోపలికి 5.7, బయటికి 10.2. భవనం నీళ్లు లోపలికి 12, బయటికి 6. అంటే ప్లాంటు వైపు తేడా నాలుగున్నర డిగ్రీలు, భవనం వైపు 6. వేడి ఒకటే కనుక ప్లాంటు వైపు మూడో వంతు ఎక్కువ నీళ్లు పారుతున్నాయి. లోడు సగమే, 500 టన్నులే. కానీ ప్రవాహం గంటకు 336 ఘనపు మీటర్లు, అంటే నిండు లోడుకు పెట్టుకున్నంత!

రేకులు మురికి పట్టినా తిరుగు నీళ్లు ఇలాగే చల్లబడతాయి. తేడా తెలియాలంటే సెట్‌పాయింట్‌ను మళ్లీ పైకి జరిపి చూడాలి. ప్లాంటు నీళ్ల కన్నా ఒకటిన్నర డిగ్రీ పైన, అంటే 7.2 దగ్గర పెట్టగానే వాల్వు మూసుకుంటూ వచ్చి, తిరుగు నీళ్లు భవనం నీళ్లకు దగ్గరగా వేడెక్కితే రేకులు బాగానే ఉన్నట్టు. సగం లోడు మీద కాయిళ్లకు ఆ నీళ్లు సాధారణంగా సరిపోతాయి. అప్పటికీ వాల్వు పూర్తిగా తెరిచే ఉంటే బోల్టులు విప్పి రేకులు కడగాలి. మంచి కంట్రోల్ ఉన్నచోట సెట్‌పాయింట్‌ను ఒక అంకె దగ్గర కట్టిపడేయరు. వచ్చే నీటి ఉష్ణోగ్రతకు అప్రోచ్ కలిపి, దాన్ని అదే జరుపుకునేలా రాస్తారు. ఆపై మిగిలేది ఆ 12 డిగ్రీలు. దానికి టార్చి పట్టుకుని అంతస్తు అంతస్తూ ఎక్కి, ఏ బైపాస్ తెరిచి ఉందో వెతకాల్సిందే.