బిల్లు అడుగున ఉన్న చిన్న పట్టిక

అకౌంట్స్ పనిలో కొత్తగా చేరినవాళ్ల చూపు స్కాన్ చేసిన బిల్లు మీద ముందు మొత్తం సొమ్ము దగ్గరకే పోతుంది. అసలు చూడాల్సింది దానికి కాస్త కింద, చిన్న అక్షరాల్లో ఉండే పన్నుల పట్టికని.

హైదరాబాద్‌లోని ఒక హార్డ్‌వేర్ షాపు హైదరాబాద్‌లోనే ఉన్న మరో సంస్థకు సరుకు అమ్మిందనుకుందాం. 18 శాతం పన్ను పడే సరుకు విలువ 8,455 రూపాయలు, 5 శాతం పడేది 2,000. డిస్కౌంట్ పోగా మిగిలిన ఈ విలువనే టాక్సబుల్ వాల్యూ అంటారు. పన్ను లెక్క దీని మీదే.

పట్టికలో మాత్రం 18 కనిపించదు. సీజీఎస్టీ 9 శాతం, ఎస్‌జీఎస్టీ 9 శాతం అని రెండు గడులుంటాయి. ఒకటి కేంద్రానిది, రెండోది రాష్ట్రానిది. 9 చూసి రేటు 9 అని రాసేయడం కొత్తవాళ్లలో మామూలే. ఈ బిల్లులో మొదటి వరుసకు 760.95 చొప్పున, రెండో వరుసకు 50 చొప్పున రెండేసి సార్లు పడుతుంది. అన్నీ కలిపితే 12,076.90. షాపువాళ్లు 10 పైసలు సర్ది 12,077 చేశారు. ఆ 10 పైసలు పన్ను కాదు, రౌండాఫ్ కింద విడిగా రాయాలి.

ఇదే సరుకు విజయవాడ షాపు హైదరాబాద్‌కు పంపితే రెండు గడుల బదులు ఐజీఎస్టీ ఒక్కటే, పూర్తి 18 శాతంగా వస్తుంది. అమ్మినవాళ్ల జీఎస్టీ నంబరు తెలంగాణ అయితే 36తో, ఆంధ్రప్రదేశ్ అయితే 37తో మొదలవుతుంది. దాన్ని బిల్లులోని ‘ప్లేస్ ఆఫ్ సప్లై’తో పోల్చి చూస్తే ఏ పన్ను ఉండాలో తెలిసిపోతుంది.

ఇక ఎక్కించాల్సినవి: అమ్మినవాళ్ల జీఎస్టీ నంబరు (కొన్నవాళ్లది కూడా బిల్లు మీదే ఉంటుంది, తారుమారు కాకూడదు), బిల్లు నంబరు, తేదీ, ప్లేస్ ఆఫ్ సప్లై, రేటు వారీగా టాక్సబుల్ వాల్యూ, ఒక్కో పన్ను మొత్తం, చివరి సొమ్ము. రెండు రేట్లుంటే రెండు వరుసలు. వాటిని కలిపి ఒకే అంకెగా రాస్తే తర్వాత విడదీయడం తలనొప్పి. పట్టిక చివర ఉండే ‘టోటల్ టాక్స్’ రెండు పన్నుల కూడికే. దాన్ని మళ్లీ కలిపితే పన్ను రెట్టింపవుతుంది.

స్కాన్‌లో 8 కాస్తా 3లా కనిపించడం, చుక్క మాయమవడం ఉన్నవే. 8,455ని 3,455గా చదివితే దాని మీద 9 శాతం 310.95 అవుతుంది, పక్క గడిలో చూస్తే 760.95 ఉంటుంది. పొరపాటు అక్కడే దొరికిపోతుంది. జీఎస్టీ నంబరులో సున్నానా, ఇంగ్లిష్ ‘ఓ’నా అని అనుమానం వస్తే స్థానం చూడాలి: 3 నుంచి 7 వరకు అక్షరాలు, 8 నుంచి 11 వరకు అంకెలు, 12వది మళ్లీ అక్షరం.

అంకె అసలే కనిపించకపోతే లెక్కగట్టి నింపేయొద్దు. అమ్మినవాళ్లను అడిగి మరో కాపీ తెప్పించుకోవాలి. ఎందుకంటే వాళ్లు తమ రిటర్న్‌లో చూపిన అంకెతో మన అంకె సరిపోలకపోతే, ఇన్‌పుట్ క్రెడిట్ దగ్గర చిక్కు వచ్చేది మనకే.