మంచు మీద మెరుపు, మిల్లీసెకన్ల లెక్క

బెథెస్డా సంస్థ 2011లో తెచ్చిన ‘స్కైరిమ్’ గేమ్‌లో ఉత్తరానికి వెళ్లేకొద్దీ మంచే. 2016లో దాని స్పెషల్ ఎడిషన్ వచ్చింది. బొమ్మకు ఇంకాస్త నిగారింపు కావాలనుకునే ఆటగాళ్లలో చాలామంది అందులోకి రీషేడ్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌ను ఎక్కిస్తారు. మొదటి సాయంత్రం ఊరి దీపాలు కాంతులీనుతాయి, చూడముచ్చటగా ఉంటుంది. మర్నాడు మంచుకొండ ఎక్కగానే తెర అంతా సున్నం కొట్టినట్టు తెల్లబడిపోతుంది.

ఎందుకలా జరుగుతుంది? రీషేడ్‌ను ఎక్కించినప్పుడు గేమ్ ఫోల్డర్‌లో dxgi.dll అనే ఫైల్ చేరుతుంది. గేమ్ ఒక ఫ్రేమ్‌ను గీసి తెరకు పంపే చివరి క్షణంలో ఈ ఫైల్ దాన్ని అందుకుని, షేడర్లనే చిన్న ప్రోగ్రాములతో మెరుగులు దిద్ది ముందుకు పంపుతుంది. అంటే దాని చేతికొచ్చేది పూర్తయిన బొమ్మ మాత్రమే. అందులో ఒక్కో రంగుకు 0 నుంచి 255 వరకే విలువలు. సూర్యుడూ 255 దగ్గరే, ఎండపడిన మంచూ 255 దగ్గరే. ఏది వెలుగునిస్తోందో, ఏది ఉత్త తెల్లని వస్తువో షేడర్‌కు తెలియదు.

బ్లూమ్ పనిచేసేది ఈ విలువల మీదే. ఒక హద్దుకు మించి వెలుగుతున్న పిక్సెళ్లను ఏరి, వాటిని మసకబరిచి, ఆ మసకను అసలు బొమ్మ మీద కలుపుతుంది. హద్దు తక్కువగా పెడితే మంచంతా దీపమైపోతుంది. మెనూలోని తెల్లటి అక్షరాల చుట్టూ కూడా పొగలాంటి వెలుగు కమ్ముకుంటుంది. కాబట్టి బ్లూమ్‌ను రాత్రిపూట సత్రంలో కూర్చుని సవరించడం పొరపాటు. మిట్టమధ్యాహ్నం మంచులో నిలబడి, అడుగుజాడలు కనిపించేదాకా హద్దు పెంచాలి. ఆ తర్వాతే దీపాల దగ్గరికి వెళ్లి చూడాలి.

కాంట్రాస్ట్‌తో చిక్కు రెండువైపులా ఉంది. పెంచితే నీడలు నలుపులో కలిసిపోయి, గుహలో గోడ ఎక్కడుందో తెలియదు. మరోవైపు తెలుపు ఇంకా తెల్లబడుతుంది. రీషేడ్ జాబితాలో కాంట్రాస్ట్ పైన, బ్లూమ్ కింద ఉంటే, కొత్తగా తెల్లబడిన పిక్సెళ్లు కూడా బ్లూమ్ హద్దు దాటేస్తాయి. షేడర్లు పైనుంచి కిందికి వరుసగా నడుస్తాయి కాబట్టి, మౌస్‌తో లాగి ఆ వరుస మార్చుకోవచ్చు. షార్ప్‌నెస్‌ను చివర ఉంచడం మేలు. ముందే పదును పెట్టిన అంచులను బ్లూమ్ మళ్లీ మసకబారుస్తుంది. పదును ఎక్కువైందని పట్టుకోవడం సులువే: ఆకాశం ముందున్న ఎండుకొమ్మ చుట్టూ సన్నటి తెల్లగీత కనిపిస్తే తగ్గించాల్సిందే. ఏఎమ్‌డీ సంస్థ 2019లో విడుదల చేసిన కాస్ అనే షేడర్ ఇప్పటికే స్పష్టంగా ఉన్నచోట పదును తగ్గించుకుంటుంది. లూమాషార్పెన్ లాంటి పాత షేడర్ కన్నా అది ఈ గేమ్‌లోని గడ్డికీ కొమ్మలకీ నప్పుతుంది.

ఇక వేగం. స్కైరిమ్ భౌతిక లెక్కలు సెకనుకు 60 ఫ్రేములను ఆధారం చేసుకున్నవి. అంతకు మించి పరుగెత్తిస్తే వస్తువులు ఎగిరిపడతాయి. అందుకే 60 దగ్గర నిలకడగా ఉండటమే లక్ష్యం. అంటే ఒక్కో ఫ్రేమ్‌కు దొరికేది 16.67 మిల్లీసెకన్లు. ఒక కంప్యూటర్‌లో గ్రాఫిక్స్ కార్డు మామూలు చోట 15 మిల్లీసెకన్లలో ఫ్రేమ్ గీస్తోందనుకుందాం. బ్లూమ్ 0.8, షార్ప్‌నెస్ 0.2, కాంట్రాస్ట్ 0.1 తీసుకుంటే మొత్తం 16.1. గడువులోనే ఉన్నట్టు. దట్టమైన అడవిలో గేమ్ ఒక్కటే 16.2 తీసుకుంటే మాత్రం మొత్తం 17.3కు చేరుతుంది. అక్కడ వేగం 58కి దిగుతుంది. తెర రిఫ్రెష్‌తో ముడిపెట్టే వీసింక్ ఆన్‌లో ఉంటే గడువు తప్పిన ఫ్రేమ్ తర్వాతి రిఫ్రెష్ దాకా ఆగుతుంది కనుక, కెమెరా తిప్పినప్పుడు చిన్న కుదుపు తెలుస్తుంది.

ఈ ఖర్చును ఊహించుకోనక్కర్లేదు. Home మీట నొక్కితే వచ్చే పలకలో Statistics విభాగం ఒక్కో షేడర్‌కు పట్టే సమయాన్ని విడిగా చూపిస్తుంది. చూడాల్సింది అడవిలో నిలబడి. పలుమార్లు మసకబరచాలి కాబట్టి మూడింటిలో బ్లూమే సాధారణంగా ఖరీదైనది. కాంట్రాస్ట్ ఒక్కో పిక్సెల్‌ను ఒక్కసారి చదివితే సరిపోతుంది. తెరను 1080పి నుంచి 4కేకు మారిస్తే పిక్సెళ్లు సరిగ్గా నాలుగింతలు. షేడర్ల ఖర్చూ దాదాపు అదే నిష్పత్తిలో పెరుగుతుంది.

సవరణలన్నీ కుదిరాక Performance Mode గడిలో టిక్ పెట్టాలి. అప్పుడు స్లయిడర్లు మాయమవుతాయి, వాటి విలువలు స్థిరాంకాలుగా షేడర్‌లో కలిసిపోయి ఖర్చు కొంత తగ్గుతుంది. అప్పటికీ అడవిలో 60 నిలవకపోతే ముందుగా తీసేయాల్సింది బ్లూమ్‌నే.