పేరు మార్చుడు సరే, ఏ ముక్క మార్చాలె?

ఆషాఢం రాంగనే పాతబస్తీల డోలు దరువు మొదలైతది. లాల్ దర్వాజ బోనాలకు ఊర్ల నుంచి ఒగ్గు బృందాలు వస్తయి. డీసీఎం వ్యాన్లకు కట్టిన బ్యానర్లు ఒక్కసారి నిదానంగ చదువుండ్రి. సగం వాటి మీద 'శ్రీ ఫలానా జానపద కళా సాంస్కృతిక సేవా సమితి' అని ఉంటది. చదివేలోపే వ్యాను సందు దాటిపోతది. మిగిలిన సగం మీద 'బీట్స్', 'ఈవెంట్స్' అని ఉంటది. గది ఒగ్గో, డీజేనో ఎవలకూ తెల్వది.

మొదటిదాంట్ల కళ పేరు సంస్కృతం కింద మునిగింది. రెండోదాంట్ల ఇంగ్లీషు కింద మునిగింది. రెండిట్లనూ పోయింది 'ఒగ్గు' అనే ముక్కనే. అసలు లొల్లి గిదే. సంప్రదాయం కావాల్నా, కుర్రోళ్లు కావాల్నా అనేది కాదు ప్రశ్న. పేరుల ఏ ముక్క కదలొద్దు, ఏ ముక్క కదలొచ్చు అనేది ప్రశ్న.

మన దగ్గర జరిగిన మూడు ముచ్చట్లు జూద్దాం.

మొదటిది సురభి. 1885ల కడప జిల్లా సురభి అనే ఊర్ల 'కీచకవధ' ఆడిండ్రు. ఆ ఊరి పేరే నాటక కుటుంబాలకు ఇంటిపేరైంది. తర్వాత కుటుంబం పెరిగి బృందాలు చీలినయి. ఒక్కో బృందానికి ఒక్కో పేరున్నా, 'సురభి' అనే ముక్కను మాత్రం ఎవలూ ఇడువలే. మరి కొత్త జనాన్ని ఎట్ల పిలిచిండ్రు? నాటకం పేరుతోని. బి.వి. కారంత్ దర్శకత్వంల సురభోళ్లు బ్రెహ్ట్ నాటకాన్ని మన దిక్కుకు మలిచి ఆడిండ్రు. దాని పేరు 'బస్తీ దేవత యాదమ్మ'. బృందం పేరు తాతలది, నాటకం పేరు మన గల్లీది. కొత్తదనం మొత్తం బృందం పేరు మీదనే మొయ్యనక్కర్లేదన్నట్టు.

రెండోది హైదరాబాద్‌దే. బి. నర్సింగరావు మొదలువెట్టిన బృందం పేరు 'ఆర్ట్ లవర్స్'. చదువుకున్న పట్నం పిల్లలకు ఆ పేరు బాగనే ఉండొచ్చు. గని పల్లెల్లకు, బస్తీలకు పొయ్యి గోసి, గొంగడి, గజ్జెలతోని ఆడేటోళ్లకు అది అతుకలే. 1972ల అదే 'జననాట్యమండలి' అయింది. గద్దర్ పాట ఊరూరికీ పోయింది ఆ పేరు మీదనే. అంటే పేరు ముందుగాల తేల్చుకోవాల్సింది ఎవల ముందట ఆడుతున్నమని. కుర్రోళ్లకు ఇంగ్లీషు పేరే నచ్చుతదనుకునుడు అప్పుడూ తప్పే, ఇప్పుడూ తప్పే.

మూడోది ధూంధాం. 2002ల కామారెడ్డిల మొదలైంది. ఇది బృందం పేరు కాదు, సభ పేరు. గని పేరు పెట్టుడు నేర్చుకోవాలంటే దీన్ని మించిన పాఠం లేదు. 'ధూంధాం' ఉర్దూ మాట. 'పెండ్లి ధూంధాంగ చేసిండు' అని ఊర్ల అవ్వ కూడ అంటది. కొత్త మాటను పుట్టియ్యలే, జనం నోట్ల ఉన్నదాన్నే తీసి వేదిక మీద పెట్టిండ్రు. దాంట్లనే డప్పు సప్పుడు కూడ వినబడ్తది.

ఇగ ఒక లెక్క చేసి జూద్దాం. లాల్ దర్వాజ దిక్కు ఏడుగురు పిల్లలు ఒగ్గు బృందం పెడ్తున్నరనుకుందాం. అందరూ ఒగ్గు నేర్చిన కురుమ, గొల్ల ఇండ్లోళ్లే. మల్లన్న, బీరప్ప, ఎల్లమ్మ కథలు చెప్తరు.

పేరుల మొదటి ముక్క 'ఒగ్గు'. గిది కదలొద్దు. ఒగ్గు అంటె చేతిల పట్టే చిన్న డమరుకం, శివునిది. ఆ వాయిద్యమే కథకు పేరైంది. ఫోన్ల వెతికేటోడు కూడ Oggu అనే కొడ్తడు. గది తీసేస్తె వాని కండ్ల ముందటికి మనం రానే రాము.

రెండో ముక్క, గుంపును చెప్పే మాట. అసలు పని ఈడనే ఉంటది. 'మండలి' బాగనే ఉంటది గని, Mandali అని రాస్తె మందలి అని కూడ చదువుతరు. 'మేళం' మంచి పాత మాట. గని Melam అని వెతికితె కేరళ చెండమేళం వీడియోలు ముందుగాల వస్తయి. పైగ ఉర్దూల 'ళ' లేదు, పాతబస్తీ దోస్తు దాన్ని 'మేలా' అంటడు, జాతర అనుకుంటడు. 'భాగోతం' మనదే, గొప్ప మాటనే. గని వార్తలు దాన్ని ఖరాబు చేసినయి. 'ఫలానా లీడర్ బాగోతం బయటపడ్డది' అని రోజూ చూస్తున్నం కద! ఆ మాట పెట్టుకుంటె దాన్ని కడుక్కునే పని కూడ మీదనే. 'దండు' చిన్నగ ఉంది, పలుకుతె దరువు లెక్క పడ్తది, ఉర్దూల రాసినా చెడిపోదు. దండు పెట్టుకుందాం.

మూడో ముక్క, జాగ. 'లాల్ దర్వాజ' ఉర్దూ మాట. సింహవాహిని మహంకాళమ్మను పట్నమంత పిలిచేది ఆ పేరుతోనే. రెండు భాషలు కలిసిన జాగ కాబట్టి పేరుకు పాతబస్తీ ముద్ర దానంతట అదే వస్తది. ఒక్క జాగ్రత్త: అమ్మవారి పేరు కలుపొద్దు. కలిపితె గుడి బృందం అనుకుంటరు, చందా దగ్గర పంచాదులు వస్తయి.

అయితే 'లాల్ దర్వాజ ఒగ్గు దండు'. ఇగ దీన్ని పరీక్ష పెట్టాలె. డోలు కొడ్తుండంగ మైకుల ఒక్కసారి అనుండ్రి, ఎనుక నిలబడ్డోనికి సాఫ్ వినబడాలె. ఊర్ల ఉన్న అమ్మమ్మకు ఫోన్ల చెప్పి, తిరిగి చెప్పుమనుండ్రి. ఆటో అన్నతోని కాయితం మీద రాపియ్యుండ్రి, తెలుగైనా ఉర్దూ అయినా సరే. యూట్యూబ్‌ల కొట్టి జూడుండ్రి, అదే పేరు ఇంకొకరికి ఉందా అని. ఈ నాలుగిట్ల ఏడ ఆగినా ముక్క మార్చాలె. మారేది రెండోదో మూడోదో గాని, మొదటిది మాత్రం కాదు.

సొసైటీగ రిజిస్టర్ చేస్తె కనీసం ఏడుగురు సభ్యులు కావాలె. ముందుగాల ఉన్న సంఘం పేరుకు మరీ దగ్గర పేరు ఒప్పుకోరు. సర్కారుదేమో అనిపించే పేరు కూడ నడువది. అందుకే బ్యానరు కొట్టిచ్చేముందే పేరు అడిగి తెలుసుకోవాలె. లేకుంటె ఫ్లెక్సీ పైసలు దండుగ.

చివరికి ఒక కష్టమైన మాట. 'ఒగ్గు', 'చిందు' అనేటివి ఒట్టి కళల పేర్లు కావు. ఒగ్గు కురుమ, గొల్ల ఇండ్ల వారసత్వం. చిందు అయితె కులం పేరు కూడ. తరాలు ఊరూర ఆడి, అవమానాలు మింగి, చిందోళ్లు నిలబెట్టిన మాట అది. 2024ల గడ్డం సమ్మయ్యకు పద్మశ్రీ వచ్చింది చిందు యక్షగానానికే. ఇప్పుడు దానికి విలువ వచ్చిందని, ఆ ఇండ్లోళ్లు ఒక్కరు లేకుండ ఇంకెవలో 'చిందు' అని బోర్డు పెట్టుకుంటె? ప్రోగ్రాం వీళ్లకు పోతది, పేరు సంపాదించినోళ్లు ఇంటికాడ కూసుంటరు.

వేరేటోళ్లు నేర్చుకోవద్దని కాదు, నేర్చుకోవాలె. గని ఆ ముక్క పేరుల పెట్టుకుంటె ఆ ఇండ్లోళ్లు బృందంల ఉండాలె, అది కూడ డోలు మోసే కాడ కాదు, కథ చెప్పే కాడ, పైసలు పంచుకునే కాడ. అట్ల లేకుంటె 'చిందు నేర్చుకున్న పిల్లలం' అని పోస్టర్ కింద రాసుకోండ్రి, పేరు మాత్రం వేరేది పెట్టుకోండ్రి. కుర్రోళ్లను పిలిచే పేరు ఎక్కడన్న దొరుకుతది తమ్మీ. దాన్ని మోసినోళ్లను అడిగి తీసుకున్న పేరే నాలుగు కాలాలు నిలుస్తది.