రిలీజ్ డేట్ దాటిపోతోందా? క్లయింట్‌కి ఇలా చెప్పండి

సాఫ్ట్‌వేర్ ప్రాజెక్టులు ఆలస్యం అవుతుంటాయని క్లయింట్లకీ తెలుసు. వాళ్లకి ఒళ్లు మండేది ఆ మాట చివరి వారంలో చెప్పినప్పుడు. అంతకన్నా మండేది, కొత్తగా ఇచ్చిన తేదీ కూడా తప్పినప్పుడు! మొదటిసారి ఆలస్యమైతే సర్దుకుపోతారు, రెండోసారికి నమ్మకం పోతుంది. అందుకే కాల్ చేసేముందే, ఈసారి కచ్చితంగా నిలబెట్టుకోగల తేదీ మీ చేతిలో ఉండాలి. అది ఎలా వస్తుందో ఒక ఉదాహరణతో చూద్దాం.

సెప్టెంబర్ 4: లెక్క తేలిన రోజు

విజయవాడలో ఓ మందుల హోల్‌సేల్ వ్యాపారి ఉన్నారనుకోండి. ఆయన దగ్గర 180 మెడికల్ షాపులు సరుకు తీసుకుంటాయి. ఇన్నాళ్లూ ఆర్డర్లన్నీ ఫోన్లో, వాట్సాప్‌లో వచ్చేవి. వాటికి బదులు యాప్ చేసిచ్చే పనిని హైదరాబాద్‌లోని చిన్న టీమ్ తీసుకుంది. రిలీజ్ అక్టోబర్ 1న అని ఒప్పందం.

చిక్కు స్టాక్ లిస్టు దగ్గర వచ్చింది. అకౌంట్స్ సాఫ్ట్‌వేర్‌లోంచి లిస్టు దించి చూస్తే, ఒకే టాబ్లెట్ రెండు పేర్లతో ఉంది. కొన్ని మందుల లెక్క స్ట్రిప్పుల్లో ఉంటే, కొన్నిటిది బాక్సుల్లో ఉంది. షాపాయన ‘10’ అని కొడితే 10 స్ట్రిప్పులా, 10 బాక్సులా? పైగా ప్రతి మందుకీ బ్యాచ్ నంబరు, ఎక్స్‌పైరీ డేటు ఉంటాయి. ముందు ఎక్స్‌పైర్ అయ్యే బ్యాచ్ ముందు బయటికి పోవాలి. ఇవేవీ సరిచేయకుండా 1వ తేదీన రిలీజ్ చేస్తే యాప్ పనిచేస్తున్నట్టే ఉంటుంది, కానీ తప్పు సరుకు వ్యానెక్కుతుంది.

ఇప్పుడు లెక్క చూడండి. మొత్తం పనిని 40 ముక్కలుగా విడగొట్టారు. 8 వారాల్లో 24 పూర్తయ్యాయి. అంటే వారానికి 3. ఇంకా 16 మిగిలాయి. ఇదే వేగంతో వెళ్తే దాదాపు 6 వారాలు పడుతుంది. చేతిలో ఉన్నవి 4 వారాలు కూడా కాదు. క్లయింట్ టెస్టింగ్ అయితే ఇంకా మొదలే కాలేదు.

ఇక్కడ చాలామంది ‘90 శాతం అయిపోయింది, కొంచెం గట్టిగా కూర్చుంటే అయిపోద్ది’ అనుకుంటారు. కానీ వరసగా రెండు మూడు వారాలు అనుకున్నదానికన్నా తక్కువ పని అయిందంటే, వచ్చే వారం ఉన్నట్టుండి రెట్టింపు అవ్వదు. పూర్తయిందంటే టెస్ట్ చేసి డెమోలో చూపించగలగాలి. ‘కోడ్ రాశాం, ఇంకా కలపలేదు’ అన్నది లెక్కలోకి రాదు.

‘ఇంకో ఇద్దర్ని పెట్టేద్దాం’ అన్న ఆలోచనా వస్తుంది. ఐబీఎంలో భారీ ప్రాజెక్టు నడిపిన ఫ్రెడ్ బ్రూక్స్ 1975లోనే ఈ దారి గురించి హెచ్చరించారు. ఆలస్యమైన సాఫ్ట్‌వేర్ ప్రాజెక్టుకి మనుషుల్ని కలిపితే అది ఇంకా ఆలస్యమవుతుందన్నది ఆయన మాట. కొత్తవాళ్లకి పని నేర్పాల్సింది, ఇప్పటికే తలమునకలై ఉన్న పాతవాళ్లే కదా!

అక్టోబర్ 1కి ఏం ఇవ్వగలం?

‘మొత్తం ఎప్పుడు?’ అన్నదానికన్నా ముందు ‘అనుకున్న రోజుకి ఏం అందుతుంది?’ అని చూసుకోవాలి. మిగిలిన 16లో ఆర్డర్ పెట్టడానికి తప్పనిసరిగా కావాల్సినవి 5. రెండు వారాల్లో, అంటే సెప్టెంబర్ 18కి అవి అయిపోతాయి. ఒక వారం క్లయింట్ మనుషులు వాడి చూస్తారు. మిగిలిన 6 రోజులు దొరికిన తప్పులు సరిచేయడానికి. అక్టోబర్ 1న 20 షాపులతో, ఎక్కువగా అమ్ముడుపోయే 300 మందులతో మొదలుపెట్టొచ్చు. ఆ 300 పేర్లు చేత్తో సరిచూడటం కష్టమేమీ కాదు.

ఉద్దెర పరిమితి, అకౌంట్స్‌తో బిల్లుల లింకు, పూర్తి స్టాక్ లాంటి మిగతా 11 ముక్కలకి 4 వారాలు. అంటే అక్టోబర్ 16. దానికి 20 షాపుల నుంచి వచ్చే ఫిర్యాదులకి ఒక వారం, దసరా సెలవులకి ఒక వారం, క్లయింట్ టెస్టింగ్‌కి ఒక వారం, చివరి మరమ్మతులకి ఒక వారం కలపండి. నవంబర్ 13 వస్తుంది. ఆరు వారాల ఆలస్యం. చెప్పడానికి నోరు రాదు. కానీ అక్టోబర్ 20 అని చెప్పి, మళ్లీ 19న ఫోన్ చేయడం కన్నా ఇదే నయం.

ముందు ఇంట్లో, తర్వాత బయట

క్లయింట్‌కి చెప్పేముందు మీ మేనేజర్‌తో కూర్చోండి. ఒప్పందంలో ఆలస్యానికి పెనాల్టీ ఉందా, రాతపూర్వకంగా ఇన్ని రోజుల ముందు తెలపాలన్న షరతు ఉందా, తదుపరి చెల్లింపు ఈ రిలీజ్‌తో ముడిపడి ఉందా చూడాలి. జూనియర్ డెవలపర్ సొంతంగా మెయిల్ పెట్టేసే విషయం కాదిది.

తర్వాత ఫోన్. అసలు మాట మొదటి నిమిషంలోనే వచ్చేయాలి:

‘సార్, అక్టోబర్ 1కి పూర్తి యాప్ ఇవ్వలేం. ఆ రోజుకి 20 షాపులతో ఆర్డర్లు మొదలవుతాయి. మొత్తం యాప్ నవంబర్ 13న. స్టాక్ లిస్టులో స్ట్రిప్పు, బాక్సు లెక్కలు కలిసిపోయి ఉన్నాయి. అవి సరిచేయకుండా వదిలితే షాపులకి తప్పు సరుకు వెళ్తుంది.’

ఇక్కడ ఆగండి. ఆయన కోప్పడనీయండి. ఆ తర్వాత ఒక ప్రశ్న అడగండి: ‘1వ తేదీ అని ఎవరెవరికి చెప్పారు సార్?’ షాపులన్నిటికీ పాంప్లెట్లు పంచేసి ఉండొచ్చు, సేల్స్ కుర్రాళ్లకి ట్రైనింగ్ పెట్టి ఉండొచ్చు. ఆయనకి అసలు నష్టం ఎక్కడో అప్పుడే తెలుస్తుంది. ఆ 20 షాపులు ఏవో ఆయన్నే ఎంచుకోమనండి.

లిస్టు ఆయన వైపు నుంచే లేటుగా వచ్చిందా? తేదీ చెప్పండి చాలు: ‘లిస్టు ఆగస్టు 14కి అనుకున్నాం, 26న అందింది.’ దెప్పిపొడుపు అక్కర్లేదు. ఆ లోపం ముందే పట్టుకోవాల్సింది మీ టీమే అయితే, అదీ చెప్పాలి.

‘అదంతా కాదు, అక్టోబర్ నెలాఖరుకి మొత్తం ఇచ్చేయండి’ అంటారు. మొహమాటంతో ‘సరే సార్’ అన్నారా, రెండో ఆలస్యానికి అక్కడే పునాది పడినట్టు. ‘తేదీ ముందుకి రావాలంటే పని తగ్గాలి సార్. ఉద్దెర పరిమితిని తర్వాతకి వాయిదా వేద్దామా?’ అనండి. టెస్టింగ్ వారాన్ని మాత్రం తీసేయొద్దు.

అదే రోజు మెయిల్

ఫోన్లో అనుకున్నది సాయంత్రంలోగా మెయిల్లో ఉండాలి. ఇలా చిన్నగా:

‘అక్టోబర్ 1: 20 షాపులు, 300 మందులు, ఆర్డర్లు మాత్రమే.
అక్టోబర్ 30: మొత్తం యాప్ మీ టెస్టింగ్‌కి.
నవంబర్ 13: 180 షాపులకీ రిలీజ్.
మీ నుంచి కావాల్సినవి: సెప్టెంబర్ 8లోగా 300 మందుల లిస్టు, 20 షాపుల పేర్లు, టెస్టింగ్‌కి ఇద్దరు మనుషులు. ఇవి ఆలస్యమైతే తేదీలూ అంతే జరుగుతాయి.
ప్రతి శుక్రవారం: పూర్తయిన పనుల సంఖ్య, డెమో.’

ఆ చివరి లైను మర్చిపోకండి. 24 అయ్యాయా, 27 అయ్యాయా అన్నది క్లయింట్‌కి ప్రతి వారం కనపడాలి. సెప్టెంబర్ 11న 27 ఉండాల్సింది 25 దగ్గరే ఆగితే, ఆ శుక్రవారమే చెప్పేయండి. అప్పటికింకా 300 మందుల్ని 200కి తగ్గించుకునే వీలుంటుంది.