సరుకు బాకీ

మధ్యాహ్నం పన్నెండింటికి, కొట్టులో బేరాలు జోరుగా ఉన్నప్పుడే డీలరు ఆటో వచ్చి ఆగుతుంది. "అన్నా, సంతకం పెట్టెయ్, ఇంకా నాలుగు కొట్లు తిరగాలి" అంటాడు డ్రైవరు. యజమాని ఒక చేత్తో చిల్లర ఇస్తూ ఇంకో చేత్తో సంతకం పెట్టేస్తాడు. సెలవుల్లో మా బాబాయి కిరాణా కొట్టులో కూర్చున్నన్నాళ్లూ చూశాను, కొట్టుకి తెలియకుండా డబ్బు పోయేది ఎక్కువగా ఆ సంతకం దగ్గరే.

ఒక్క సరుకు తీసుకుని చూద్దాం. సోమవారం సేల్స్‌మన్‌కి పొద్దుతిరుగుడు నూనె 10 పెట్టెలు చెప్పారు. పెట్టెకు లీటరు ప్యాకెట్లు 12, పన్నుతో కలిపి పెట్టె 1,800 రూపాయలు అనుకుందాం. బుధవారం సరుకొచ్చింది. డీలరు దగ్గర స్టాకు తక్కువుందట, బిల్లు 8 పెట్టెలకే వేశాడు. దించి లెక్కపెడితే 7 తేలాయి.

చెప్పింది 10, బిల్లు 8, వచ్చింది 7. చాలామంది బిల్లు చూసి పుస్తకంలో 8 రాసేసుకుంటారు. డీలరు ఏం పంపాననుకున్నాడో అంతవరకే బిల్లు చెబుతుంది. బిల్లు చేతిలో పట్టుకుని టిక్కులు పెట్టుకుంటూ పోవడం కూడా మంచి పద్ధతి కాదు. 8 అని ముందే చదివిన కంటికి 8 ఉన్నట్టే అనిపిస్తుంది. బిల్లు మడిచి జేబులో పెట్టుకుని, వచ్చినవాటిని ఖాళీ కాగితం మీద రాసి, ఆ తర్వాతే రెండూ పక్కపక్కన పెట్టుకోవాలి. పెట్టె అడుగు తడిగా ఉంటే అక్కడే విప్పించాలి, లోపల ప్యాకెట్ కారి ఉంటుంది.

ఇప్పుడు అసలు మెలిక. మూడు పెట్టెలు తక్కువ వచ్చాయి గానీ ఆ మూడూ ఒక్క రకం కావు. రెండు పెట్టెలకు డీలరు సరుకూ ఇవ్వలేదు, డబ్బూ అడగలేదు. మూడో పెట్టెకు మాత్రం డబ్బు అడిగాడు, సరుకు ఇవ్వలేదు. పుస్తకంలో "నూనె 3 రావాలి" అని కలిపి రాసుకుంటే ఏమవుతుందో చూడండి. శనివారం 3 పెట్టెలు వస్తాయి, 3 పెట్టెల బిల్లు వస్తుంది. పది చెప్పాం, పది వచ్చాయి, అంతా సరిపోయిందని గీత కొట్టేస్తారు. కానీ మొదటి బిల్లు 8, రెండో బిల్లు 3, మొత్తం 11. పది పెట్టెలకు పదకొండింటి డబ్బు కట్టినట్టు ఎవరికీ తెలియదు.

అందుకే ఆటో కదలకముందే "నూనె 1 పెట్టె తక్కువ" అని మన బిల్లు మీదా, డ్రైవరు కాపీ మీదా రాసి, తేదీ వేసి, ఇద్దరూ సంతకాలు పెట్టాలి. ఏమీ రాయకుండా సంతకం పెట్టి సాయంత్రం ఫోను చేస్తే మన మాటకు బలం ఉండదు. ఆ పెట్టె తర్వాత కొత్త బిల్లు లేకుండా రావాలి, లేదా 1,800కు క్రెడిట్ నోటు రావాలి. జీఎస్టీ లెక్క వేసేవాళ్లకు ఇది మరీ ముఖ్యం. 2017 నాటి చట్టం 16వ సెక్షన్ ప్రకారం సరుకు చేతికందితేనే దాని మీద కట్టిన పన్ను తిరిగి వాడుకోవచ్చు. ఒకే బిల్లు సరుకు విడతలుగా వస్తే చివరి విడత అందేదాకా ఆగాలి.

రెండో చిక్కు తర్వాతి ఆర్డరులో వస్తుంది. సేల్స్‌మన్ వచ్చినప్పుడు అందరం అరల వైపే చూస్తాం. రావలసిన సరుకు అరల్లో కనపడదు కదా! వారానికి 12 పెట్టెలు కావాలి, కొట్టులో 4 ఉన్నాయి, పాత ఆర్డరులో 3 రావాలి. అంటే చెప్పాల్సింది 5. పాతవి మరిచి 8 చెబితే మూడు పెట్టెలు ఎక్కువై 5,400 రూపాయలు నూనె రూపంలో ఇరుక్కుంటాయి. అయితే కొందరు డీలర్లు పంపలేనిదాన్ని అక్కడితో కొట్టేస్తారు, మళ్లీ చెబితేనే పంపుతారు. అలాంటి చోట వస్తాయనుకుని 5 చెబితే వారం చివర నూనె నిండుకుంటుంది. "పాతవి మూడూ వస్తాయా, రద్దా?" అని సేల్స్‌మన్‌ని ఆ పూటే అడిగి, జవాబు తేదీతో సహా రాసుకోవాలి.

దీనికి ఒక నోటుబుక్కు చాలు. సరుకుకో వరస, అందులో చెప్పింది, బిల్లులో పడింది, వచ్చింది, రద్దయింది. రావలసినది సున్నా అయ్యి, బిల్లులకూ వచ్చినదానికీ తేడా లేనప్పుడే ఆ వరస కొట్టేయాలి. ట్యాలీ వాడేవాళ్లు సరుకు దిగగానే Receipt Note వేసి అందులో ఆర్డరు నంబరు ఎంచుకుంటే రావలసినది అదే చూపిస్తుంది, కానీ ఆ అంకె కూడా చేత్తో లెక్కపెట్టిందే అయ్యుండాలి.

ప్యాకెట్ మీద కొట్టుకి నాలుగు రూపాయలు మిగులుతాయనుకుంటే, పోయిన ఆ ఒక్క పెట్టె 1,800 తిరిగి రావాలంటే 450 ప్యాకెట్లు అమ్మాలి.